ప్రభుత్వ ఆఫీసుకు అద్దెకిచ్చిన ఇల్లు: దావాకు ముందు సెక్షన్ 80 నోటీసు ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: బర్కత్‌పురాలో మా ఇల్లు (అమ్మ, నేను, తమ్ముడు ముగ్గురి పేరు మీద ఉంది) 2018లో ఒక రాష్ట్ర ప్రభుత్వ శాఖ ఆఫీసుకి మూడేళ్ళ లీజుకి ఇచ్చాం. తర్వాత కొత్త లీజు రాయలేదు, వాళ్ళు అలాగే ఉంటున్నారు. అద్దె నెలకి 60 వేలు, మరుసటి నెల 5వ తేదీకి ఇవ్వాలి. 2023 జూన్, జూలై, ఆగస్టు అద్దెలు ఇప్పటికీ రాలేదు. మళ్ళీ 2025 ఏప్రిల్ నుంచి రూపాయి రాలేదు. ఖాళీ చేయమన్నా చేయట్లేదు. కేసు వేసే ముందు సెక్షన్ 80 నోటీసు ఇవ్వాలంటున్నారు. ఎవరికి ఇవ్వాలి, ఏం రాయాలి, ఎన్నాళ్ళు ఆగాలి? అర్జంటని చెప్పి నోటీసు లేకుండా వేయొచ్చా?

జవాబు:

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలిగ్గా తేలిపోతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80(2) కింద కోర్టు అనుమతి తీసుకుని నోటీసు లేకుండా దావా వేసే వీలుంది. కానీ అది రేపు గోడ కూలుస్తారు, ఎల్లుండి వేలం వేస్తారు లాంటి పరిస్థితికి పెట్టింది. అప్పుడు కూడా ప్రభుత్వానికి చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వకూడదు. అంత తొందరేమీ లేదని కోర్టుకి అనిపిస్తే, నోటీసు ఇచ్చి గడువు అయ్యాక రమ్మని ప్లెయింటు, అంటే దావా పత్రం, వాపసు ఇస్తుంది. ఏడాది పైగా పేరుకున్న అద్దె బాకీలో అర్జంటు ఏముందని అడిగితే మీ దగ్గర జవాబు లేదు. ఆ దారి వదిలేయండి.

రెంట్ కంట్రోల్ కోర్టు ప్రసక్తి కూడా మీకు రాదు. కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన భవనాలకి ఆ చట్టం వర్తించదు. కాబట్టి మీది సిటీ సివిల్ కోర్టులో వేసే మామూలు దావా: ఖాళీ చేయించడం, బకాయి రాబట్టడం.

ఇక అసలు పని. ఈ నోటీసు విషయంలో నేను చెప్పేది ఒక్కటే: ముందు దావా కాగితం మీద గీసుకోండి, నోటీసు ఆ తర్వాత రాయండి. వాదులు ఎవరు, ప్రతివాదులు ఎవరు, ఏమేం అడగబోతున్నారు, ఏ తేదీ నుంచి ఎంత. ఇవన్నీ తేలాక వాటినే నోటీసులో దించాలి. చాలామంది తిరగేసి చేస్తారు. కోపంలో ఒక లెటర్ రాసి పంపేస్తారు, రెండు నెలల తర్వాత లాయర్ దావా తయారు చేస్తుంటే నోటీసులో లేని మనిషి, నోటీసులో లేని కోరిక బయటపడతాయి. అవతలి గవర్నమెంట్ ప్లీడర్ మొదట పట్టుకునేది అక్కడే.

మీ కేసులో ఒకటి కాదు, రెండు నోటీసులు ఉన్నాయి. ఈ వరస తప్పితే మిగతాదంతా చక్కగా చేసినా ఇబ్బందే. 2021లో లీజు అయిపోయాక వాళ్ళు కొనసాగారు, మీరు అద్దె తీసుకున్నారు. అందువల్ల ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 116 ప్రకారం అది నెలనెలా సాగే కౌలుగా మారింది. దాన్ని ముగించాలంటే అదే చట్టం సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ 15 రోజులూ గడిచేదాకా వాళ్ళు చట్టప్రకారం మీ కిరాయిదార్లే. అంటే 'ఖాళీ చేయించండి' అని అడిగే హక్కు మీకు ఇంకా పుట్టలేదు. సెక్షన్ 80 నోటీసులో దావాకి కారణం ఏమిటో రాయాలి. పుట్టని కారణాన్ని ఎలా రాస్తారు? రెండూ కలిపి ఒకే కాగితంలో ఇచ్చేవాళ్ళు ఉన్నారు, అది చెల్లుతుందని వాదించొచ్చు కూడా. కానీ పదిహేను రోజులు మిగుల్చుకోవడానికి అప్పీలు దాకా సాగే వాదనను కొనితెచ్చుకోవడం నాకు తెలివిగా అనిపించదు. మొదట 106 నోటీసు ఇవ్వండి, అది పండాక 80 నోటీసు ఇవ్వండి.

తేదీలు వేసి చూద్దాం. 106 నోటీసు 2026 జూన్ 3న వాళ్ళకి అందిందనుకోండి. ఆ రోజు వదిలేసి లెక్కిస్తే 15 రోజులు జూన్ 18తో పూర్తవుతాయి. నెలాఖరుతోనే ముగియాలన్న పాత పట్టింపు 2002 చివర్లో వచ్చిన సవరణతో పోయింది, కాబట్టి నెల మధ్యలో ముగిసినా ఫరవాలేదు. జూన్ 19 నుంచి వాళ్ళు కిరాయిదార్లు కారు, హక్కు లేకుండా ఉంటున్నవాళ్ళు. ఆ రోజు నుంచి మీరు అడిగేది అద్దె కాదు, ఆక్రమణకు నష్టపరిహారం. ఆ తర్వాత ఏ రోజైనా 80 నోటీసు ఇవ్వొచ్చు. జూన్ 24న అందిందనుకుందాం.

ఇక్కడి నుంచి రెండు నెలలు. అరవై రోజులు కాదు. ఈ తేడాతో దావాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. నెల అంటే క్యాలెండర్ నెల. జూన్ 24 నుంచి లెక్కిస్తే ఆగస్టు 24తో రెండు నెలలు పూర్తవుతాయి, దావా ఆగస్టు 25న లేదా ఆ తర్వాత వేయాలి. అరవై రోజులని లెక్కేసుకుంటే ఆగస్టు 23కే అయిపోయిందనిపిస్తుంది, 24న వేసేస్తారు. ఒక్క రోజు ముందైనా ముందే. దావా నడుస్తుండగా రెండు నెలలు ఎలాగూ నిండాయి కదా అన్న వాదనని సుప్రీంకోర్టు 1984లో బిహారీ చౌధరి కేసులో ఒప్పుకోలేదు. ఇంకొకటి, నోటీసు తేదీ నుంచో పోస్టు చేసిన తేదీ నుంచో కాదు, అందిన తేదీ నుంచి లెక్క. ముగ్గురికి పంపి ముగ్గురికీ వేర్వేరు రోజుల్లో అందితే, అన్నిటికన్నా ఆఖర్న అందిన తేదీనే పట్టుకోండి. పైన ఓ నాలుగు రోజులు ఎక్కువ ఆగినా నష్టం లేదు, లిమిటేషన్, అంటే దావా వేయడానికి చట్టం పెట్టిన గడువు, మీద పడనంతవరకూ.

ఆ లిమిటేషన్ మీకు నిజంగానే మీద పడుతోంది. అద్దె బకాయి రాబట్టడానికి, అది ఇవ్వాల్సిన తేదీ నుంచి మూడేళ్ళు గడువు. 2023 జూన్ అద్దె ఇవ్వాల్సింది జూలై 5న. అంటే అది 2026 జూలై 5తో కాలదోషం పడుతుంది. సెక్షన్ 80 నోటీసు వల్ల దావా ఆగస్టు దాకా వేయలేం కదా అని కంగారు పడొద్దు. చట్టం ఆగమన్న కాలాన్ని లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 15(2) లెక్కలోంచి తీసేస్తుంది. ఆ రెండు నెలలూ కలిసి జూన్ అద్దెకి గడువు సెప్టెంబరు 5 దాకా వస్తుంది. రెండు షరతులు గుర్తుపెట్టుకోండి. నోటీసు అసలు గడువు లోపలే, అంటే జూలై 5 లోపలే అందాలి. తీసేసేది రెండు నెలలే. వాళ్ళ జవాబు కోసం మీరు అదనంగా ఎదురుచూసిన రోజులు కలవవు. అలాగే 106 నోటీసుకి పట్టిన పదిహేను రోజులు ఈ పాత అద్దెకి కలిసొస్తాయని అనుకోకండి. పాత బకాయి అడగడానికి ఆ నోటీసు అక్కర్లేదు.

అందుకే మీకు పని ఇప్పుడే మొదలుపెట్టమంటున్నాను. 106 నోటీసు ఏ కారణంతోనైనా ఆలస్యమై 80 నోటీసు అందడం జూలై 5 దాటేలా ఉంటే, పాత మూడు నెలల బకాయికి మాత్రం విడిగా ఒక 80 నోటీసు వెంటనే ఇచ్చేయండి. లేదా వాళ్ళ పాత ఉత్తరాలు వెతకండి. 'బడ్జెట్ రిలీజ్ కానందున 2023 అద్దె బిల్లు పెండింగులో ఉన్నది' అని గడువు లోపల అధికారి సంతకంతో ఒక్క ఉత్తరం దొరికినా, లిమిటేషన్ యాక్ట్ సెక్షన్ 18 కింద బాకీ ఒప్పుకున్నట్టు లెక్క. ఆ సంతకం తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు. ఇలాంటి ఉత్తరాలు ఆఫీసులు మనకి తెలియకుండానే చాలా రాస్తుంటాయి. ఫైల్ పారేయకండి.

ఎవరికి ఇవ్వాలంటే, దావా రాష్ట్ర ప్రభుత్వం మీద కాబట్టి ఆ ప్రభుత్వ సెక్రటరీకి గానీ జిల్లా కలెక్టరుకి గానీ ఇవ్వాలి, చట్టం అంటున్నది అదే. ఒక్కరికి చాలు. అయినా నేనైతే ఇద్దరికీ పంపమంటాను: ఆ శాఖ ప్రిన్సిపల్ సెక్రటరీకి సచివాలయం చిరునామాలో, హైదరాబాద్ జిల్లా కలెక్టరుకి కలెక్టరేట్‌లో. మీ ఇంట్లో కూర్చున్న ఆఫీసరుని కూడా పేరు పెట్టి ప్రతివాదిగా చేర్చాలనుకుంటే ఆయనకి విడిగా ఒకటి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే: రోజూ కనిపించే ఆ ఆఫీసరుకే ఇచ్చి, సంతకం తీసుకుని, ప్రభుత్వానికి ఇచ్చేశాం అనుకుంటారు. అది ఆయనకి ఇచ్చిన నోటీసు, ప్రభుత్వానికి కాదు. శాఖ కమిషనరుకో డైరెక్టరుకో పంపినా ఇదే సంగతి. కాపీ పంపడం మంచిదే, కానీ సెక్రటరీకో కలెక్టరుకో వెళ్ళనిదే ఈ నోటీసు పూర్తయినట్టు కాదు.

దావాలో ప్రతివాది పేరు కూడా ఇప్పుడే ఖాయం చేసుకోండి. 'ఫలానా శాఖ' అని వేయకూడదు. శాఖకి చట్టంలో మనిషి హోదా లేదు. 'తెలంగాణ రాష్ట్రం, ఆ శాఖ ప్రిన్సిపల్ సెక్రటరీ ద్వారా' అని వేయాలి. (అదే కేంద్ర ప్రభుత్వ ఆఫీసయితే భారత ప్రభుత్వం, సంబంధిత సెక్రటరీ, రైల్వే అయితే దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్, సికింద్రాబాద్. జీహెచ్ఎంసీ, వాటర్ బోర్డు, కరెంటు కంపెనీ లాంటివి సెక్షన్ 80లోని 'ప్రభుత్వం' కిందికి రావు. వాటి వాటి చట్టాల్లో నోటీసు నిబంధన వేరే ఉంటుంది, అది చూసుకోవాలి.)

మీ వైపు పేర్లు అంతకన్నా ముఖ్యం. ఇల్లు ముగ్గురిది. దావా ముగ్గురూ వేయాలి, కాబట్టి నోటీసు ముగ్గురి పేరు మీదా వెళ్ళాలి. ఇద్దరు వాదుల్లో ఒకరే ఇచ్చిన నోటీసు చెల్లదని 1947లో ప్రివీ కౌన్సిల్ చెప్పింది, వెల్లయన్ చెట్టియార్ కేసులో. ఆ తర్వాత కోర్టులు కొంత మెత్తబడ్డాయి, 1976 సవరణలో సెక్షన్ 80(3) వచ్చింది: ఇచ్చినవాళ్ళు ఎవరో గుర్తుపట్టేలా ఉండి, సరైన ఆఫీసుకి అంది, కారణం, కోరిక ఏమిటో సారాంశంలో తెలిస్తే, చిన్నచిన్న లోపాలకి దావా కొట్టేయకూడదు. అక్షరదోషాలకీ ఇంటి నంబరు తప్పుకీ ఆ రక్షణ సరిపోతుంది. తమ్ముడి పేరే లేకపోవడం అక్షరదోషం అని వాదించాల్సిన పరిస్థితి తెచ్చుకోవద్దు. తమ్ముడు ఊళ్ళో లేకపోయినా లాయర్ ముగ్గురి తరఫునా సంతకం పెట్టి పంపొచ్చు. లాయర్ సంతకమే చాలు, కానీ లోపల ముగ్గురి పేర్లు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, వృత్తి, నివాసం ఉండి తీరాలి. చాలా లాయర్ నోటీసుల్లో 'నా క్లయింట్' అని ఒక పేరు తప్ప చిరునామా ఉండదు.

ఇక మొత్తం లెక్క. పాత మూడు నెలలు, 2025 ఏప్రిల్ నుంచి 2026 మే దాకా పద్నాలుగు నెలలు, కలిపి పదిహేడు. నెలకి 60,000 చొప్పున 10,20,000. జూన్ 1 నుంచి 18 దాకా 18 రోజులకి 36,000. మొత్తం 10,56,000. జూన్ 19 నుంచి ఇల్లు అప్పగించేదాకా నష్టపరిహారం. దీన్ని పాత అద్దె దగ్గరే ఆపనక్కర్లేదు. ఆ వీధిలో ఇప్పుడు నడుస్తున్న రేటు అడగొచ్చు. 75,000 అడుగుతారనుకుందాం. దానికి ఆధారంగా పక్కింటి రిజిస్టర్డ్ లీజు నకలు ఒకటి సంపాదించి పెట్టుకోండి. మాటల్లో చెప్పే రేటుని కోర్టు పట్టించుకోదు.

నోటీసు ఈ ధోరణిలో ఉంటే సరిపోతుంది. తెలుగులోనూ ఇవ్వొచ్చు.

'సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908 సెక్షన్ 80(1) కింద నోటీసు.

1. మేము … (ముగ్గురి పూర్తి వివరాలు, నివాసం). బర్కత్‌పురాలోని … నంబరు ఇంటికి ఉమ్మడి యజమానులం.

2. సదరు ఇంటిని మీ … కార్యాలయానికి … తేదీ లీజు ద్వారా ఇచ్చాము. లీజు గడువు 2021లో … తేదీతో ముగిసింది. తర్వాత నెలనెలా కౌలుగా, నెలకు రూ. 60,000 అద్దెపై కొనసాగింది. అద్దె మరుసటి నెల 5వ తేదీకి చెల్లించాలి.

3. 2023 జూన్, జూలై, ఆగస్టు నెలలకు, 2025 ఏప్రిల్ నుండి 2026 మే వరకు అద్దె చెల్లించలేదు.

4. సెక్షన్ 106 నోటీసు 3-6-2026న మీకు అందింది. కౌలు 18-6-2026తో ముగిసింది. అయినా ఇల్లు ఖాళీ చేయలేదు.

5. దావాకు కారణం పై ప్రతి నెల అద్దె బకాయిపడిన తేదీన, 19-6-2026న హైదరాబాదులో ఏర్పడింది.

6. కోరుతున్నవి: అ) ఇంటి ఖాళీ స్వాధీనం, ఆ) బకాయి రూ. 10,56,000, ఇ) 19-6-2026 నుండి స్వాధీనం ఇచ్చే వరకు నెలకు రూ. 75,000 నష్టపరిహారం, ఈ) పై మొత్తాలపై సంవత్సరానికి … శాతం వడ్డీ, ఉ) ఖర్చులు.

7. ఈ నోటీసు అందిన తేదీ నుండి రెండు నెలల లోపల పై కోరికలు నెరవేర్చని పక్షంలో తెలంగాణ రాష్ట్రంపైన, సంబంధిత అధికారులపైన సివిల్ దావా వేస్తాము.'

ఇంతే. రెండు పేజీలు దాటనక్కర్లేదు. ఆఫీసువాళ్ళు మీతో ఎంత దురుసుగా మాట్లాడారో, ఎన్నిసార్లు తిప్పించారో ఇందులో పెట్టకండి. ఆరో పేరానే ప్రాణం. అందులో లేని కోరిక దావాలో కనబడితే దానికి నోటీసు లేదనే అభ్యంతరం వస్తుంది. 'స్వాధీనం ఇచ్చే వరకు' అన్న మాట ఎందుకంటే, నోటీసు తర్వాత గడిచే నెలలకి మళ్ళీ ఇంకో నోటీసు ఇవ్వాల్సిన పని లేకుండా. వడ్డీ కూడా ఇక్కడే రాయాలి. అడగని వడ్డీ తర్వాత అడగడం కష్టం.

అందించడం విషయానికొస్తే, చట్టం చెప్పే మాట ఆఫీసులో ఇవ్వడం లేదా వదిలిపెట్టడం. ఈమెయిల్, వాట్సాప్ అదనంగా పంపితే పంపండి, వాటి మీద దావా నిలబెట్టకండి. కలెక్టరేట్ ఇన్‌వర్డ్‌లో చేతికిచ్చి మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర ఉండి తేదీ లేకపోతే ఆ ముద్ర మీకు సగమే పనికొస్తుంది, ఎందుకంటే మీ రెండు నెలలు మొదలయ్యేది ఆ తేదీతోనే. సచివాలయం లోపలికి వెళ్ళడం పాస్ మీద ఆధారపడే పని కాబట్టి దానికి పోస్టు నయం. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కాబట్టి స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చే సౌకర్యంతో పంపండి. రసీదు మీద చిరునామా సరిగ్గా పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. డెలివరీ అయిన వారంలోపే ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసుకోండి, ఆ వివరాలు వెబ్‌సైట్‌లో కలకాలం ఉండవు.

ఆ రెండు నెలల్లో జవాబు రావచ్చు, రాకపోవచ్చు. 2005లో సేలం బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, ఈ నోటీసులకి జవాబివ్వడానికి ప్రతి ప్రభుత్వం బాధ్యుడైన అధికారిని పెట్టాలనీ, జవాబు ఇవ్వకపోయినా తప్పించుకునే జవాబు ఇచ్చినా కోర్టు ఖర్చులు విధించాలనీ చెప్పింది. ఆచరణలో మౌనమే ఎక్కువ. ఆ మౌనాన్ని ప్లెయింటులో ఒక వాక్యంగా రాసుకోవడమే. కానీ మధ్యలో డబ్బు వస్తే మాత్రం జాగ్రత్త. ట్రెజరీ నుంచి హఠాత్తుగా రెండు మూడు నెలల అద్దె ఖాతాలో పడుతుంది, పాపం ఆఫీసరు ఫైలు కదిలించాడనుకుని మీరు సంతోషిస్తారు. జూన్ 18 తర్వాతి కాలానికి అద్దెగా తీసుకుంటే, కౌలు రద్దుని మీరే వదులుకున్నారనే వాదన వస్తుంది. డబ్బు తిరిగి పంపక్కర్లేదు. అదే వారంలో ఒక ఉత్తరం రాయండి: ఈ మొత్తాన్ని పాత బకాయికీ, నష్టపరిహారానికీ జమ కట్టుకుంటున్నాం, మా నోటీసు హక్కులు వదులుకోవడం లేదు అని. ఆ ఉత్తరానికీ ఇన్‌వర్డ్ ముద్ర ఉండాలి. దావాలో లెక్క ఆ మేరకు తగ్గించాలి. తగ్గించి అడగడానికి కొత్త నోటీసు అక్కర్లేదు.

దావా వేసే రోజున ప్లెయింటులో ఒక పేరా తప్పనిసరి: సెక్షన్ 80 నోటీసు ఫలానా తేదీన ఫలానా ఆఫీసుల్లో అందింది, రెండు నెలలు పూర్తయ్యాయి అని. నోటీసు జత చేశాం కదా అని ఆ పేరా వదిలేస్తే, ప్లెయింటులోనే ఆ మాట ఉండాలని సెక్షన్ 80 అంటుంది కాబట్టి కోర్టు ఆఫీసు రిటర్న్ చేస్తుంది, లేదా ప్రతివాది ఆర్డర్ 7 రూల్ 11 కింద తిరస్కరించమని పిటిషన్ వేస్తాడు. నోటీసు ఆఫీసు కాపీ, ముద్రలున్న పేజీలు, పోస్టు రసీదులు, డెలివరీ రుజువు, 106 నోటీసు, దాని రసీదులు అన్నీ డాక్యుమెంట్ల జాబితాలో విడివిడి నంబర్లతో వేయించండి. రెండు నోటీసుల రసీదులు కలగలిసిపోతే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏది దేనిదో చెప్పలేక తడబడతారు, కాబట్టి పంపిన రోజే కవరు వెనక ఏ నోటీసుదో రాసి దాచండి.

హైకోర్టులో రిట్ వేస్తే ఈ నోటీసు అక్కర్లేదు కదా అని ఎవరైనా చెప్పి ఉంటారు. నిజమే, రిట్‌కి సెక్షన్ 80 లేదు. బాకీని శాఖ ఉత్తరాల్లో ఒప్పుకుని కూడా ఇవ్వకపోతే ఆ దారి కొందరికి పనిచేస్తుంది. కానీ మీకు కావలసింది ఇల్లు ఖాళీ, పైగా రేటు మీద సాక్ష్యం పెట్టి నిరూపించాల్సిన నష్టపరిహారం. అవి సాక్షుల్ని విచారించే సివిల్ కోర్టులో తేలేవి. రిట్ వేసి, సివిల్ కోర్టుకి వెళ్ళమని అక్కడ చెప్పించుకునేలోపు 2023 అద్దెల గడువు దాటిపోతుంది. కాబట్టి ఈ వారంలో 106 నోటీసు పంపండి.